ఆఖరి తేదీ లేని కొలువు ప్రకటన

మహాలయ పక్షాల్లో చీరల దుకాణాలు వెలవెలబోతాయి. పితృదేవతల రోజుల్లో కొత్త బట్ట కొనడానికి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకోరు. సరిగ్గా ఆ పదిహేను రోజుల్లోనే షట్టర్ల మీద, ఆటోల వెనక, వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన కనిపించడం మొదలవుతుంది. ‘దసరా, దీపావళి సీజన్‌కు సేల్స్ గర్ల్స్, సేల్స్ బాయ్స్ కావలెను. అనుభవం అవసరం లేదు. ఆకర్షణీయమైన జీతం. భోజనం, వసతి కలదు. పనితనాన్ని బట్టి పర్మనెంట్ చేయబడును. వెంటనే సంప్రదించండి.’ కింద ఒక ఫోన్ నంబరు.

ఊరు మారినా, దుకాణం మారినా ఈ మాటలు మారవు. ఇందులో చెప్పినవాటి కంటే చెప్పనివే ఎక్కువ. పని ఏ రోజున ముగుస్తుందో లేదు. పొద్దున ఎన్నింటికి రావాలో, రాత్రి ఎన్నింటికి వదులుతారో లేదు. జీతం ఎంతో లేదు. ఉన్నా అది ఎన్ని గంటల పనికో లేదు. ఫోన్ చేస్తే ‘ముందు రండమ్మా, వచ్చాక మాట్లాడుకుందాం’ అంటారు. వెళ్లినవాళ్లకు మాట్లాడుకునే అవకాశం దొరికేది సాధారణంగా మూడో రోజో నాలుగో రోజో. అప్పటికి యూనిఫాం చీర చేతిలో ఉంటుంది, పదో తరగతి ఒరిజినల్ మెమో మేనేజరు సొరుగులో ఉంటుంది.

ఇదంతా యజమానుల దుర్బుద్ధి అని తీర్మానించేస్తే అసలు కారణం కనబడకుండా పోతుంది. ఆ కారణం అంకెల్లో ఉంది. పదిమంది పనిచేసే దుకాణానికి ఈఎస్ఐ వర్తిస్తుంది. ఇరవై మంది ఉంటే పీఎఫ్, బోనస్ వర్తిస్తాయి. పైగా పీఎఫ్, ఈఎస్ఐ ఒకసారి వర్తించాయంటే, తర్వాత మనుషుల సంఖ్య తగ్గినా వర్తిస్తూనే ఉంటాయి. ఇప్పుడు పదిహేను మంది పర్మనెంటు సిబ్బంది ఉన్న ఒక దుకాణాన్ని ఊహించండి. దసరాకు ఎనిమిది మందిని తీసుకుంటే లెక్క ఇరవై మూడు. ఆ ఎనిమిది మంది దీపావళి మర్నాడు వెళ్లిపోతారు, కానీ దుకాణం పీఎఫ్ పరిధిలోకి వచ్చిన సంగతి వెళ్లిపోదు. అందుకని వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోకీ ఎక్కవు. పేరు ఎక్కించకూడదనుకున్నప్పుడు తేదీ, గంటలు, జీతం అచ్చులో ఎందుకు ఉంటాయి? ప్రకటనలోని మొహమాటమంతా అక్కడి నుంచి వచ్చిందే. సీజన్ పనివాళ్లకు ఇవి వర్తించవని చాలామంది యజమానులు నిజంగానే నమ్ముతారు. అది తప్పు. తాత్కాలికమైనా, రోజుకూలీ అయినా, జీతం పరిమితుల్లో ఉన్నంతవరకూ పీఎఫ్, ఈఎస్ఐ మొదటి రోజు నుంచే లెక్క.

జీతం సంగతి చూద్దాం. ప్రకటనలో జీతం వేసే కొద్ది దుకాణాల్లో ‘నెలకు 16,000’ అన్నది చూడగానే బాగానే ఉందనిపిస్తుంది. సీజన్‌లో పొద్దున తొమ్మిదిన్నరకు వస్తే రాత్రి పదిన్నరకు వదులుతారనుకుందాం. మధ్యలో భోజనానికి గంట. అంటే రోజుకు 12 గంటల పని. ‘సీజన్‌లో సెలవులు లేవు’ అన్నది చెప్పని నిబంధన కాబట్టి 30 రోజులూ పనే. మొత్తం 360 గంటలు. పదహారు వేలను 360తో భాగిస్తే గంటకు 44 రూపాయలు.

దుకాణాల చట్టం తెలుగు రాష్ట్రాలు రెంటికీ 1988 నాటిదే. దాని ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు. అంతకు మించితే ప్రతి గంటకూ రెట్టింపు. పన్నెండు గంటలు నిలబెడితే మొదటి ఎనిమిది గంటలకు మామూలు జీతం, మిగతా నాలుగు గంటలకు రెట్టింపు, అంటే మరో ఎనిమిది గంటల జీతం. పన్నెండు గంటల రోజుకు రెండు రోజుల కూలి రావాలన్నమాట. సీజన్ దుకాణాల్లో వచ్చేది ఒక రోజు కూలి, రాత్రికి ఒక ప్లేటు టిఫిను.

ఆంధ్రప్రదేశ్ 2025లో చట్టాన్ని సవరించి రోజు పరిమితిని పది గంటలకు పెంచింది. తెలంగాణ అదే ఏడాది జులైలో వాణిజ్య సంస్థలకు పది గంటల వెసులుబాటు ఇచ్చింది గానీ దుకాణాలను అందులోంచి మినహాయించింది. రెండుచోట్లా వారానికి 48 గంటలన్న గీత చెక్కుచెదరలేదు. కాబట్టి ‘మాకు పది గంటలకు పర్మిషన్ ఉంది’ అనే మేనేజరును అడగాల్సింది వారం మొత్తం లెక్క. రోజుకు పది గంటల చొప్పున ఆరు రోజులైతే అరవై. నలభై ఎనిమిది పోను పన్నెండు గంటలు ఓటీ కిందికి వస్తాయి.

అసలు నిజాయతీ గల ప్రకటన ఎలా ఉంటుంది? 2026 సీజన్‌నే తీసుకుందాం. మహాలయ అమావాస్య అక్టోబరు 10, శనివారం. మర్నాటి నుంచి నవరాత్రులు. దసరా అక్టోబరు 20, మంగళవారం. దీపావళి నవంబరు 8, ఆదివారం. హనుమకొండలో రెండంతస్తుల చీరల దుకాణం ఒకటి ఉందనుకుందాం. దానికి ఎనిమిది మంది కావాలి. కొత్తవాళ్లకు చీర మడత నేర్పడానికి, ఏ అరలో ఏ రకం ఉందో తెలియడానికి ఓ వారం పడుతుంది కాబట్టి అక్టోబరు 5న, సోమవారం చేర్చుకోవాలి. అలా అయిదు వారాలు, 35 రోజులు. జీతం అంకెలు నేను ఉదాహరణకు వేసినవే. రాసి చూస్తే ప్రకటన ఇలా వస్తుంది:

‘దసరా, దీపావళి సీజన్‌కు ఎనిమిది మంది తాత్కాలిక సహాయకులు కావలెను. స్త్రీలు, పురుషులు ఎవరైనా రావచ్చు, జీతం ఒక్కటే. పని అక్టోబరు 5న మొదలై నవంబరు 8తో ముగుస్తుంది. ఆ తర్వాత కొనసాగింపు ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. గట్టిగా అయితే ఒకరిద్దరికి. షిఫ్టులు రెండు: ఉదయం 10 నుంచి రాత్రి 7, మధ్యాహ్నం 12.30 నుంచి రాత్రి 9.30. రెంటిలోనూ గంట విరామం. మహిళలకు మొదటి షిఫ్టే. రెండోదానికి ఇష్టపడి రాసిచ్చినవారిని మా వాహనంలో ఇంటి దగ్గర దింపుతాం. వారానికి ఒక సెలవు. మూడో వారంలో అది దసరా రోజు. సద్దుల బతుకమ్మ నాడు మహిళలు సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోవచ్చు, జీతం కోత లేదు. రోజుకు 560 రూపాయలు. రద్దీ రోజులు తొమ్మిది. ఆ రోజుల్లో రెండు గంటలు అదనంగా ఉండాలి, గంటకు 140 రూపాయలు. పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. అన్నీ పోను అయిదు వారాలకు చేతికి వచ్చేది సుమారు 17,150 రూపాయలు. శిక్షణ రోజులకూ పూర్తి జీతమే. జీతం ఖాతాలో వేస్తాం. డిపాజిట్ లేదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడగం. పని ఎక్కువగా నిలబడి చేసేది: చీరలు విప్పి చూపడం, మడత పెట్టడం, గోడౌన్ నుంచి కట్టలు మోయడం.’

చేతికి వచ్చే అంకె ఎలా తేలిందో చూడండి. 35 రోజుల్లో అయిదు సెలవులు పోను 30 పని దినాలు. రోజుకు 560 చొప్పున 16,800. రోజు కూలిని ఎనిమిదితో భాగిస్తే గంటకు 70, ఓటీకి రెట్టింపు 140. తొమ్మిది రోజులు, రెండేసి గంటలు, మొత్తం 18 గంటలకు 2,520. రెండూ కలిపి 19,320. ఇందులో పీఎఫ్ 12 శాతం కింద 2,016, ఈఎస్ఐ 0.75 శాతం కింద 145 పోతే మిగిలేది 17,159. పని గంటలు 258. గంటకు దాదాపు 75 రూపాయలు. రోడ్డుకు అటువైపు దుకాణం ‘నెలకు 16,000’ అని పెద్దక్షరాల్లో వేసుకుంటే, రోజుకు 560 అని రాసిన ఈ దుకాణం చిన్నగా కనిపిస్తుంది. గంటల లెక్క వేస్తే మాత్రం అక్కడ 44, ఇక్కడ 75. గంటలు రాయని ప్రకటనలో జీతం రాసినా రాయనట్టే.

ఈ అంకె కూడా కనీస వేతనం కంటే తక్కువ ఉండకూడదు. రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలకు వేరే కనీస వేతనాలున్నాయి. వాటికి కలిపే కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. సీజన్ నియామకాలకు అక్టోబరు మొదటి తేదీ సరిగ్గా నడిమధ్య పడుతుంది. సెప్టెంబరులో అచ్చేసిన ప్రకటనలోని జీతం చేరే రోజుకు చట్టం కన్నా తక్కువైపోయే అవకాశం ఉంది. యజమానులు చూసుకోవాల్సిన తేదీ ఇది.

మన హనుమకొండ ప్రకటనలో ఇంకో మెలిక ఉంది. 30 పని దినాలు. వేతనాల కోడ్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 30 పని దినాలు చేసినవారికి బోనస్ హక్కు వస్తుంది. కనీసం 8.33 శాతం, అది కూడా చట్టం పెట్టిన జీతం పరిమితికి లోబడి, పనిచేసిన కాలానికి మాత్రమే. సీజన్ పనివాళ్లకు బోనస్ ఏమిటని నవ్వేవాళ్లు ఈ ముప్ఫై రోజుల సంగతి చదివినట్టు లేదు. తెలిసిన యజమానులు కొందరు పనిని 29 రోజులకే ఆపేస్తారు. ఎనిమిది మంది బోనస్ కలిపినా పెద్ద చీరల కౌంటరులో ఒక గంట అమ్మకం కాదు. అయినా ఆపేస్తారు.

బోనస్‌లో చిక్కు ఇంకోటి. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల దాకా చెల్లించడానికి గడువుంది. అంటే 2026 దసరాకు పనిచేసిన అమ్మాయికి డబ్బు 2027 నవంబరు ఆఖరు దాకా రాకపోవచ్చు. అప్పటికి ఆమె ఏ ఊళ్లో ఉంటుందో! జీతం చేతికిచ్చే దుకాణంలో ఆ డబ్బు ఇక రానట్టే. బ్యాంకు ఖాతాలో వేసే దుకాణమైతే వెతుక్కోనక్కర్లేదు. ‘జీతం ఖాతాలో వేస్తాం’ అన్న ముక్క ప్రకటనలో ఉండాలనడానికి నా కారణం ఇదే.

ఇన్సెంటివ్ అనే మాట గురించి కొంచెం ఆగాలి. సీజన్ ప్రకటనల్లో ఇది తప్పకుండా ఉంటుంది. చీరల దుకాణంలో బిల్లు మీద సేల్స్‌మన్ కోడ్ పడుతుంది. కమిషన్ ఆ కోడ్‌కు వెళుతుంది. పాత స్టాకు కదిలించినందుకు ఇచ్చే అదనపు రూపాయీ దానికే. సీజన్‌లో చేరిన పిల్ల రోజంతా చీరలు విప్పి, భుజం మీద వేసి చూపించి, కొనేవాళ్లు తల తిప్పగానే మళ్లీ మడత పెడుతుంది. బిల్లు మాత్రం పదేళ్లుగా ఆ కౌంటరులో కూర్చున్న సీనియర్ కోడ్ మీద పోతుంది. అది అన్యాయమని నేననను. పట్టుచీర బేరం కుదిర్చేది అతని నోరే. కానీ కొత్తవాళ్లకు కోడ్ ఇవ్వని దుకాణం ‘జీతం ప్లస్ ఇన్సెంటివ్’ అని అచ్చేయకూడదు.

కోతల సంగతి దీనికి తమ్ముడు. సీజన్ చివర స్టాకు లెక్క వేస్తారు, నాలుగు చీరలు తక్కువొస్తాయి, ఫ్లోరులో ఉన్న అందరి జీతంలో తలా కొంత కోసేస్తారు. వేతనాల కోడ్ దీన్ని ఒప్పుకోదు. ఒకరికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు, వారి నిర్లక్ష్యం వల్లనే పోయిందని, వారి సంజాయిషీ విన్నాక తేలితేనే కోత. గుంపు మీద పంచడం కుదరదు. జరిమానాలకు కూడా జీతంలో 3 శాతం అని పరిమితి ఉంది.

రాత్రి వేళల దగ్గర ఆగుదాం. దుకాణాల చట్టంలో మహిళల చేత రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పనిచేయించకూడదన్న నియమం ఉంది. ఆ తర్వాత మినహాయింపులు వచ్చాయి. తెలంగాణలో 2023 ఏప్రిల్ ఉత్తర్వు రోజంతా దుకాణం తెరిచి ఉంచేందుకు అనుమతిస్తూనే, రాత్రి డ్యూటీకి మహిళ సమ్మతి, రవాణా సౌకర్యం ఉండాలంది. ఆంధ్రప్రదేశ్ సవరణా ఆ దారిదే. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. మండల కేంద్రానికి వెళ్లే ఆఖరి బస్సు తొమ్మిదింటికి పోతుంది. దుకాణం షట్టరు పదింపావుకు దిగుతుంది. అప్పుడు ఫ్లోరులో మిగిలిన కుప్పలు మడత పెట్టాలి. ఆ అరగంట, ముప్పావు గంట ఎవరి లెక్కలోకీ రాదు. ఆ తర్వాత డిగ్రీ చదివే పిల్ల ఎలా ఇల్లు చేరుతుందన్న ప్రశ్నకు ప్రకటనలో ఒక్క వాక్యం చోటు దొరకదా? అయిదో రోజున పని మానేసేవాళ్లలో ఎక్కువమంది పని కష్టమై మానరు. ఆఖరి బస్సు దొరక్క మానేస్తారు.

యజమానికి ఇందులో లాభనష్టాలు ఉన్నాయి, అవి కూడా మాట్లాడుకోవాలి. నిజం చెప్తే ఎవరూ రారని వాళ్ల భయం. నిజమే, ఫోన్లు తగ్గుతాయి. నూరు వచ్చే చోట నలభై వస్తాయేమో. కానీ ఎనిమిదింటికి ఇంట్లో ఉండాల్సినవాళ్లు, నెలల తరబడి ఉద్యోగం కావాల్సినవాళ్లు, నిలబడలేనివాళ్లు ముందే తప్పుకుంటారు. దాచి పిలిస్తే వాళ్లూ వస్తారు, వారం నేర్పించుకుంటారు, సద్దుల బతుకమ్మ నాటికి, కౌంటరు దగ్గర కాలు పెట్టడానికి చోటు లేనప్పుడు, మానేస్తారు. ఆ రోజున కొత్తవాళ్లకు మడత నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆఖరి తేదీ రాయడం వల్ల చట్టపరంగా కూడా యజమానికే మేలు: ముగింపు తేదీ ముందే రాసుకున్న నియామకం ఆ తేదీకి ముగిస్తే అది తొలగింపు కిందికి రాదు. పదిమందీ అంతకన్నా ఎక్కువా ఉన్న సంస్థలు నియామక పత్రం ఇవ్వాలని 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఎలాగూ చెబుతున్నాయి. ప్రకటనలోని వాక్యాలనే ఆ పత్రంలో దింపితే పని అయిపోతుంది.

నిలబడే పని అన్న మాట ప్రకటనలో ఎందుకని అడగొచ్చు. కేరళలో బట్టల దుకాణాల మహిళలు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో అక్కడి దుకాణాల చట్టం మారింది. తమిళనాడు 2021లో అదే బాట పట్టింది. మన దగ్గర పాత చీరల దుకాణాల్లో పరుపుల మీద కూర్చుని అమ్మే పద్ధతి ఉండేది. షోరూములు వచ్చాక గాజు కౌంటర్లు వచ్చాయి, కూర్చోవడం సోమరితనం అయిపోయింది. కౌంటరు వెనక నాలుగు స్టూళ్లు వేసిన దుకాణం ఆ మాట ప్రకటనలో గర్వంగా రాసుకోవచ్చు.

కోస్తాలో ఈ లెక్కలు కొంచెం మారతాయి. అక్కడ బట్టల సీజన్ సంక్రాంతికి పుంజుకుంటుంది. జనవరి 14 చుట్టూ తిరిగే పనికి దసరా ప్రకటన తీసి పండగ పేరు మార్చి వేస్తే చాలదు. భోగికి ముందు రెండు వారాల రద్దీకి మనిషిని తీసుకుని, నెల జీతం మాట చెప్పి, కనుమ మర్నాడు పంపేయడం అక్కడి ఫిర్యాదు. ఉన్న పని పద్దెనిమిది రోజులదైతే పద్దెనిమిది రోజులనే రాయాలి.

చివరి చెల్లింపు గురించి వేతనాల కోడ్‌లో సూటి నియమం ఉంది. పని ముగిసిన రెండు పని దినాల్లో బాకీ అంతా చెల్లించాలి. దీపావళి ఆదివారంతో ముగిసే మన హనుమకొండ దుకాణం మంగళవారం, నవంబరు 10 లోగా లెక్క తేల్చాలి. ‘పది తారీకు తర్వాత రా, అకౌంటెంటు ఊళ్లో లేడు’ అనే మాటకు చోటు లేదు.

కార్మిక శాఖకు ఒక విన్నపం. సీజన్ నియామకాలను పట్టుకోవడం కష్టమని, మనుషులు రిజిస్టర్లలో ఉండరని మీ అధికారులు చెబుతుంటారు. ఏ దుకాణం ఎంతమందిని తీసుకుంటోందో గోడల మీద, పత్రికల్లో, ఫోన్ నంబరుతో సహా ఆ దుకాణాలే అచ్చేసి చెబుతున్నాయి. మహాలయ పక్షాల్లో మీ సహాయ కార్మిక అధికారులు తమ పరిధిలోని ప్రకటనలు ఫొటో తీసుకుని, దసరాకు ముందు ఒకసారి, నవంబరు రెండో వారంలో ఒకసారి ఆ దుకాణాలకు వెళ్లి హాజరు, జీతం కాగితాలు అడగాలి. ఇక కొలువు కోసం ఫోన్ చేయబోతున్న పిల్లలు ముందుగా అడగాల్సింది ఆఖరి రోజు ఏదని, రోజుకు ఎన్ని గంటలని, రాత్రి ఇంటికి ఎలా వెళ్లాలని. వీటికి ‘వచ్చాక మాట్లాడుకుందాం’ అని జవాబొస్తే ఆ దుకాణానికి వెళ్లకండి.